బిర్యానీ ఉల్లిపాయలు: బంగారు రంగులో వేయించడం, నూనెలోంచి తీశాక నల్లబడకుండా ఆపడం

హైదరాబాదీ కచ్చీ బిర్యానీలో వేయించిన ఉల్లిపాయలకు రెండు పనులుంటాయి. సగం ముక్కలను చేత్తో నలిపి పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, మసాలాలతో కలిపి మాంసానికి పట్టిస్తారు. మిగిలిన సగాన్ని దమ్ పెట్టే ముందు పుదీనా, కొత్తిమీరలతో పాటు అన్నం పొరల మీద చల్లుతారు. మాంసానికి పట్టించిన సగమే మసాలాకు చిక్కదనాన్ని, రంగును, ఆ వెనకాల ఉండే సన్నని తీపిని ఇస్తుంది కనుక అవి మాడితే ఆ చేదు ఒకచోట ఉండిపోదు. పెరుగుతోనూ నూనెతోనూ కలిసి గిన్నె అంతా పాకుతుంది, ఆ తర్వాత ఏం కలిపినా పోదు.

వీటిని వేయించేటప్పుడు తరచుగా జరిగేది ఇది. బాణలిలో చక్కని బంగారు రంగులో కనిపించిన ముక్కలను పళ్ళెంలోకి తీసి, మాంసం కడిగి తిరిగి వచ్చేసరికి అవి ముదురు గోధుమ రంగుకు, అక్కడక్కడ నలుపుకు దిగి ఉంటాయి. మంట ఎక్కువైందని చాలామంది అనుకుంటారు. మంట సరిగ్గానే ఉండి ఉండవచ్చు, తప్పినది తీయవలసిన క్షణం. మీకు కావలసిన రంగు నూనెలో కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైనట్టే. ముక్కలు నూనెలోంచి వచ్చాక మరో నిమిషం, రెండు నిమిషాల పాటు వేగుతూనే ఉంటాయి. ఆ రెండు నిమిషాలను లెక్కలోకి తీసుకుని వేయించడం ఎలాగో ఒక కిలో మాంసానికి సరిపోయే కొలతతో ఇక్కడ వివరిస్తాను.

ఉల్లిపాయలు, కోత

కిలో మాంసానికి అర కిలో ఎర్ర ఉల్లిపాయలు తీసుకోండి. పొట్టు, మొదలు, కొస తీసేశాక సుమారు 450 గ్రాములు మిగులుతాయి. వేగాక అవి 120 గ్రాముల దగ్గరకు తగ్గిపోతాయి, ఎందుకంటే ఉల్లిపాయ బరువులో దాదాపు తొమ్మిదో వంతు మాత్రమే గట్టి పదార్థం, మిగిలినదంతా నీరే. మెడ బాగా ఎండి, పొట్టు గలగలమనే నిల్వ ఉల్లిపాయలు ఈ పనికి మేలు. వానాకాలపు పంటగా వచ్చే కొత్త ఉల్లిపాయలలో నీరు ఎక్కువ కాబట్టి అవి వేగడానికి ఎక్కువ సేపు పడుతుంది, నూనె కూడా ఎక్కువ పీలుస్తాయి. అవి తప్ప దొరకనప్పుడు కోసిన తర్వాత ఆరబెట్టే సమయాన్ని పెంచండి.

పాయను మొదలు నుంచి కొస దాకా నిలువుగా రెండు చెక్కలు చేసి, వేరు ఉండే గట్టి మొదలును పూర్తిగా తీసేయండి. ఆ మొదలు కొంచెం మిగిలినా రేకలు విడిపోవు, అతుక్కున్న చోట ముక్క మందంగా ఉండి తెల్లగా మిగిలిపోతుంది. తర్వాత చెక్కను బోర్లించి నిలువుగానే, ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మందంలో సన్నగా తరగండి. ఇంతకంటే సన్నగా కోస్తే ముక్క క్షణాలలో మాడుతుంది, మందంగా కోస్తే అంచులు ఎర్రబడ్డా నడుమ మెత్తగా ఉంటుంది. అయితే ఎంత సన్నగా ఉన్నాయన్న దానికంటే అన్నీ ఒకే మందంలో ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకే బాణలిలో సన్నవీ మందమైనవీ కలిసి ఉంటే ఏ క్షణంలో తీసినా ఏదో ఒక రకం చెడిపోతుంది, ఆ తేడాను మంటతో సర్దడం కుదరదు. చేతికి ఆ నిలకడ లేకపోతే తురుము పీటకు ఉండే తరిగే పలకను వాడటంలో తప్పేమీ లేదు. వేళ్ళు మాత్రం జాగ్రత్త.

తరిగిన ముక్కలను వేళ్ళతో రేకరేకగా విడదీసి, పొడి గుడ్డ మీద పలుచగా పరచి అరగంట ఆరనివ్వండి. ఫ్యాను కింద పెడితే ఇంకా మంచిది. పైతడి ఆరిపోతుంది, నూనెలో వేసినప్పుడు చిందడం తగ్గుతుంది. ఉప్పు చల్లి నీరు పిండే పద్ధతి కొందరికి అలవాటు. దాని వల్ల నీరు తగ్గే మాట నిజమే అయినా, పిండిన ముక్కలు ఉండలు కట్టి ఒకదానికొకటి అంటుకుంటాయి, బిర్యానీలో ఉప్పు లెక్క కూడా తప్పుతుంది. అందుకే నేను దాన్ని సిఫారసు చేయను. పంచదార చల్లడం మరీ వద్దు, రంగు తొందరగా వస్తుంది కానీ అది ముక్క లోపల వేగిన రంగు కాదు, పైన మాడిన చక్కెర రంగు. మొక్కజొన్న పిండి చల్లితే కరకర పెరుగుతుంది, కానీ మాంసానికి పట్టించినప్పుడు ఆ పిండి మసాలాను జిగురుగా మారుస్తుంది.

నూనె, మంట

వెడల్పుగా, కొంచెం లోతుగా, అడుగు మందంగా ఉన్న బాణలిలో అర లీటరు వేరుశనగ నూనె గానీ పొద్దుతిరుగుడు నూనె గానీ పోయండి. నూనె బాణలిలో సగానికి మించకూడదు. ఉల్లిపాయ ముక్కలు పడగానే వాటి నీరు ఒక్కసారిగా ఆవిరై నూనెను పైకి పొంగిస్తుంది, నిండుగా ఉన్న బాణలి అంచు దాటి స్టవ్ మీదకు పొర్లితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. పొయ్యి వెలిగించే ముందే మరో మూడు వస్తువులు పక్కన సిద్ధంగా ఉంచుకోండి. అవి వెడల్పాటి చిల్లుల గరిటె, ఒక గిన్నె మీద ఉంచిన ఇనుప తీగల జల్లెడ, రెండు పెద్ద స్టీలు పళ్ళాలు. చివరి నిమిషంలో పళ్ళెం కోసం వెతుక్కునే తీరిక ఉండదు.

నూనె 160 డిగ్రీల దగ్గరకు వేడెక్కాలి. వంట థర్మామీటరు లేకపోతే ఒక ముక్క వేసి చూడండి. అది అడుగుకు దిగి వెంటనే బుడగలతో పైకి తేలి, రంగు మారకుండా చిటపటలాడుతుంటే వేడి సరిగ్గా ఉంది. వేసిన కొన్ని క్షణాలకే అంచు ఎర్రబడితే నూనె మరీ కాగింది, కాసేపు ఆగండి.

450 గ్రాముల ముక్కలను మూడు వాయిలుగా వేయించండి. ఒక్కో వాయికి 150 గ్రాములు, అంటే రెండు దోసిళ్ళు. ఆ 150 గ్రాములలో 130 గ్రాములకు పైగా నీరే ఉంటుంది, అదంతా ఆవిరైపోతే గాని ముక్కకు రంగు రాదు. నీరు ఆవిరి కావడానికి చాలా వేడి కావాలి, ఆ వేడిని ముక్కలు నూనె నుంచే తీసుకుంటాయి. అందుకే ముక్కలు వేసిన వెంటనే నూనె వేడి ఒక్కసారిగా పడిపోతుంది. అర కిలో ఉల్లిపాయలు ఒకేసారి కుమ్మరిస్తే ఇంటి గ్యాస్ మంట ఆ పతనాన్ని పూడ్చలేదు, ముక్కలు వేగడానికి బదులు తమ నీటిలో తామే ఉడికి, మెత్తబడి, నూనె పీల్చుకుని ముద్దవుతాయి.

ముక్కలు వేశాక మంటను మధ్యస్థం కంటే కొంచెం ఎక్కువలో ఉంచండి. మొదటి మూడు నాలుగు నిమిషాలు బాణలి నిండా పెద్ద బుడగలు, ఎడతెగని హోరు ఉంటాయి. ఆ దశలో తరచుగా కలపవలసిన పని లేదు, నిమిషానికి ఒకసారి అడుగు నుంచి తిరగేస్తే చాలు. తర్వాత ముక్కలు కుంచించుకుపోయి పారదర్శకంగా మారతాయి, హోరు తగ్గుతుంది, బుడగలు చిన్నవవుతాయి. ఆరేడు నిమిషాలు దాటాక కొన్ని ముక్కల అంచులు ఎండుగడ్డి రంగులోకి తిరుగుతాయి. మీ పొయ్యిని బట్టి, ఉల్లిపాయలోని నీటిని బట్టి ఈ నిమిషాలు అటూ ఇటూ అవుతాయి కనుక గడియారాన్ని కాక చెవిని నమ్మండి. హోరు తగ్గి సన్నని చిటపటలు మిగలడమే అసలు గుర్తు.

చివరి నిమిషం

ఈ పనిలో కష్టమంతా ఇక్కడే ఉంది, కాబట్టి ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను.

ముక్కలో నీరు ఉన్నంత సేపు అది ఒక అడ్డుకట్టలా పనిచేస్తుంది. చుట్టూ నూనె 150 డిగ్రీలు ఉన్నా, లోపల నీరు మరుగుతున్నంత వరకు ముక్క వేడి నూరు డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. నూరు డిగ్రీల దగ్గర ఉల్లిపాయ ఉడుకుతుంది గానీ ఎర్రబడదు. నీరు అయిపోయాక ముక్క వేడి నూనె వేడి వైపు పరుగెత్తుతుంది. అప్పుడే ఉల్లిపాయలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి గోధుమ రంగు పదార్థాలుగా, కమ్మని వాసనలుగా మారతాయి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కామీ మెయిలార్డ్ 1912లో వివరించిన ఈ మార్పును ఆయన పేరుతోనే మెయిలార్డ్ చర్య అంటారు. దానితో పాటు చక్కెరలు కొంత తమంతట తాముగా కూడా ఎర్రబడతాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ మార్పుల వేగం దాదాపు రెట్టింపవుతుంది, అందుకే మొదటి ఎనిమిది నిమిషాలలో ఏమీ జరగనట్టు కనిపించిన బాణలి తొమ్మిదో నిమిషంలో చేయి దాటిపోతుంది.

దీనికి తోడు మరొకటి జరుగుతుంది. అప్పటిదాకా మంట ఇచ్చిన వేడిలో పెద్ద భాగం నీటిని ఆవిరి చేయడానికే పోయింది. నీరు తగ్గాక అదే మంట, అంతే వేడి ఇస్తున్నా, ఇప్పుడు ఆ వేడి అంతా నూనెను కాచడానికే మళ్ళుతుంది. మీరు మంటను ముట్టుకోకపోయినా నూనె దానంతట అది వేడెక్కుతూ పోతుంది. కాబట్టి హోరు తగ్గి అంచులు ఎండుగడ్డి రంగుకు తిరిగిన క్షణంలోనే మంటను సన్నం చేయండి, ఆ తర్వాత కలపడం ఆపకండి. గరిటెను అడుగు నుంచి పైకి, అంచుల నుంచి మధ్యకు తిప్పుతూ ఉండాలి. బాణలి గోడల దగ్గర వేడి ఎక్కువ, అక్కడ ఆగిన ముక్కలే ముందుగా నల్లబడతాయి.

ఇప్పుడు రంగుల సంగతి. మనకు చివరికి కావలసింది మంచి బెల్లం రంగు. నూనెలోంచి తీయవలసినది మాత్రం లేత తేనె రంగులో ఉన్నప్పుడు, అంటే ఎక్కువ ముక్కలు పసుపు కలిసిన లేత గోధుమ రంగులో ఉండి, అంచులు మాత్రమే కొంచెం ముదురుగా కనిపిస్తున్నప్పుడు. అప్పుడు చూస్తే ఇంకా పచ్చిగానే ఉన్నాయనిపిస్తుంది. పైగా ముక్కను గరిటెతో ఎత్తితే వేలాడుతుంది, కరకర ఉండదు. కరకరలాడే దాకా నూనెలోనే ఉంచుదామనుకునేవారు ఇక్కడే మోసపోతారు. ఉల్లిపాయ వేడిగా ఉన్నంత సేపు అందులోని చక్కెరలు మెత్తగా, సాగుతూ ఉంటాయి, చల్లారాకనే గట్టిపడతాయి. సరిగ్గా వేగిన ముక్క నూనెలో ఎప్పుడూ కరకరలాడదు, పళ్ళెంలో మూడు నాలుగు నిమిషాలు చల్లారాక కరకరలాడుతుంది.

మీ కంటికి, మీ పొయ్యికి ఈ తేనె రంగు ఏదో తేల్చుకోవడానికి నమ్మకమైన దారి ఒకటుంది. మొదటి వాయిలో అంచులు ఎండుగడ్డి రంగుకు తిరగగానే ఐదారు ముక్కలను తీసి పళ్ళెం అంచున పెట్టండి. పదిహేను సెకన్ల తర్వాత మరో ఐదారు తీసి వాటి పక్కన, మరో పదిహేను సెకన్లకు మరికొన్ని. తర్వాత వాయి అంతా తీసేసి, రెండు నిమిషాలు ఆగి ఆ మూడు చిన్న కుప్పలను వరుసగా చూడండి. మూడింటిలో మీకు కావలసిన బెల్లం రంగుకు చేరింది ఏదో, దాన్ని తీసినప్పుడు నూనెలో ఎలా కనిపించిందో గుర్తు పెట్టుకుంటే మిగతా రెండు వాయిలకు అదే కొలత. తరచుగా మొదటి కుప్ప గానీ రెండోది గానీ సరైనదవుతుంది. మూడోది, అంటే తీసేటప్పుడు అచ్చంగా బంగారు రంగులో కనిపించినది, ముదిరిపోయి ఉంటుంది. చల్లారాక ఒక్కో కుప్ప నుంచి ఒక్కో ముక్క నోట్లో వేసుకోండి. మొదటిదానిలో తీపి ముందు తెలుస్తుంది, మూడోదానిలో నాలుక చివర చేదు తగులుతుంది.

తీయడం, పరచడం

తీయాలనుకున్న క్షణంలో ముందు పొయ్యి ఆపండి. ఆపినంత మాత్రాన వేగడం ఆగదు. అడుగు మందమైన బాణలి, అర లీటరు నూనె కలిసి చాలా వేడిని దాచుకుని ఉంటాయి, ముక్కలు అందులో మరో నిమిషం ఉంటే మంట మీద ఉన్నట్టే. అందుకే వెడల్పాటి గరిటెతో రెండు మూడు ఎత్తులలో మొత్తం తీసేయాలి. చిన్న గరిటెతో కొంచెం కొంచెంగా తీస్తే మొదటి ముక్కకూ చివరి ముక్కకూ మధ్య అర నిమిషం తేడా వస్తుంది, ఆ తేడా రంగులో స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి ఎత్తునూ బాణలి మీదే రెండు మూడు సార్లు దులిపి, జల్లెడలో వేయండి. నూనె కిందికి కారనిచ్చి, పది పదిహేను సెకన్లకు మించి జల్లెడలో ఉంచకుండా, రెండు ఫోర్కులతో విడదీస్తూ స్టీలు పళ్ళెంలో పలుచగా పరచండి.

తీశాక కూడా రంగు ముదరడానికి కారణం ఇప్పుడు సులభంగా అర్థమవుతుంది. నూనెలోంచి బయటికి వచ్చిన ముక్క వేడి 140, 150 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని చల్లబరచగల నీరు అందులో దాదాపు మిగలలేదు. పచ్చి ముక్కనైతే ఆవిరై పోయే నీరే చల్లబరిచేది, వేగిన ముక్కకు ఆ రక్షణ లేదు. పైగా ముక్క మడతలలో, రేకుల మధ్య అదే వేడి నూనె అంటుకుని ఉంటుంది. 120 డిగ్రీల కిందకు దిగితే ఎర్రబడటం చాలా నెమ్మదిస్తుంది గానీ, అంతవరకు ముక్క తన వేడికి తానే వేగుతుంది. అరిసెల పాకం సరిగ్గా తగిలిందని చూసుకుని దించితే పిండి కలిపేలోగా ముదిరిపోతుంది, అందుకే తెలిసినవారు ఒక అడుగు ముందే దించుతారు. ఇక్కడా అంతే.

ముక్క ఎంత త్వరగా 120 డిగ్రీలకు దిగుతుందన్నది మీరు దాన్ని ఎలా ఉంచారన్న దాని మీద ఆధారపడుతుంది. పలుచగా పరిస్తే ఒక వైపు చల్లని స్టీలు, మరో వైపు గాలి వేడిని లాగేస్తాయి, అర నిమిషంలోనే ప్రమాదం దాటుతుంది. గిన్నెలో కుప్పగా వేస్తే నడుమ ఉన్న ముక్కల వేడి బయటికి పోవడానికి దారి ఉండదు, పక్క ముక్క కూడా అంతే వేడిగా ఉంటుంది కదా. అందుకే కుప్ప పైన బంగారు రంగు కనిపిస్తున్నా, గరిటెతో తెరిచి చూస్తే మధ్యలో నల్లగా ఉంటుంది. కుప్పలో చిక్కుకున్న కొంచెం ఆవిరి వల్ల అడుగు ముక్కలు మెత్తబడతాయి కూడా. ఒకే కుప్పలో కొన్ని మాడి, కొన్ని మెత్తబడ్డాయంటే వేయించడంలో కాదు, ఉంచడంలో తేడా జరిగిందని గుర్తు.

పళ్ళెంలో టిష్యూ కాగితం పరవాలనుకుంటే ఒక పొర చాలు. మందంగా పరిస్తే అది స్టీలుకూ ముక్కకూ మధ్య దుప్పటిలా వేడిని ఆపుతుంది. వార్తాపత్రిక కాగితం మీద వేయవద్దు, వేడి నూనెకు అచ్చు సిరా ఆహారంలోకి దిగుతుంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ కూడా ఆహారాన్ని వార్తాపత్రికలలో ఉంచవద్దని హెచ్చరించింది. నూనె తొందరగా దులపడం వల్ల ఇంకో లాభం ఉంది. ముక్క చల్లారుతున్నప్పుడు లోపలి ఆవిరి నీరుగా మారి, ఖాళీ అయిన చోటికి పైనున్న నూనెను లోపలికి లాగుతుంది. వేయించేటప్పుడు కంటే తీశాక పీల్చే నూనే ఎక్కువ, కాబట్టి వేడిగా ఉన్నప్పుడే ఎంత కారిపోతే అంత మేలు.

రెండో, మూడో వాయి

మొదటి వాయికి కుదిరిన నిమిషాలు మూడో వాయికి కుదరవు. అప్పటికి బాణలి గోడలు బాగా కాగి ఉంటాయి, నూనె కొంత తగ్గి ఉంటుంది, అడుగున చిన్న తునకలు నల్లబడి ఉంటాయి. ఆ తునకలు కొత్త ముక్కలకు అంటుకుని, రంగు రాకముందే రంగు వచ్చిన భ్రమను కలిగిస్తాయి, చేదును కూడా అంటిస్తాయి. ప్రతి వాయి తర్వాత చిల్లుల గరిటెతో నూనెలోని తునకలన్నీ ఏరేయండి, ఒక ముక్క వేసి వేడిని మళ్ళీ పరీక్షించండి, ఆ తర్వాతే తరువాతి వాయి వేయండి. రెండో వాయి నుంచి మంటను సన్నం చేయడం కొంచెం ముందే మొదలుపెట్టండి.

చల్లారాక కొన్ని ముక్కలు తెల్లగా, మెత్తగా మిగిలాయనుకోండి. అది సరిచేయదగిన లోపమే. అలాంటి వాటిని ఏరి, నూనె మళ్ళీ 160 డిగ్రీలకు వచ్చాక ఇరవై సెకన్ల పాటు వేసి తీసేస్తే సరిపోతుంది. ముదిరినవాటికి మాత్రం మందు లేదు. బెల్లం రంగు దాటి కాఫీ గింజ రంగుకు చేరినవాటిని ఏరి పారేయండి. అలా ఏరితే ఉల్లిపాయలు తక్కువవుతాయని సంశయించవద్దు, అర కిలోలో పావు వంతు తగ్గినా బిర్యానీ బాగుంటుంది, గుప్పెడు మాడిన ముక్కలు కలిస్తే బాగుండదు. ముక్కలన్నీ ఒకే రంగులో ఉన్నా తింటే నూనె కారుతున్నట్టు, జిగటగా ఉంటే నూనె చల్లగా ఉన్నప్పుడు వేశారని అర్థం. బయట రంగు బాగా వచ్చి లోపల తడిగా, నమిలితే సాగుతున్నట్టు ఉంటే నూనె మరీ కాగి ఉందని, పెద్ద మంటను చివరిదాకా అలాగే ఉంచారని అర్థం.

పెళ్ళిళ్ళ వంటలలో పది కిలోల ఉల్లిపాయలను పెద్ద బాణలిలో వేయించేటప్పుడు ఈ లెక్క మరింత కఠినమవుతుంది. అంత నూనె, అంత ఇనుము చల్లారడానికి చాలా సేపు పడుతుంది, ముక్కలన్నీ తీయడానికే నిమిషాలు పట్టవచ్చు. అందుకే అంచులు తిరగగానే తీయడం మొదలుపెట్టాలి, తీసినవాటిని వెడల్పాటి తట్టలలో పలుచగా ఆరబోయాలి. ఇంట్లో ఒక రంగు ముందు తీసేచోట అక్కడ రెండు రంగులు ముందు తీయడం క్షేమం.

వాడకం, నిల్వ

పూర్తిగా చల్లారి కరకరలాడుతున్న ముక్కలలో సగాన్ని చేత్తో నలిపి పెరుగులో కలపండి. కరకర లేకపోతే నలగవు, పొడి కాకుండా పీచుల్లా మిగిలిపోతాయి, అప్పుడు పళ్ళెంలో మరి కాసేపు ఆరనివ్వండి. పెరుగులో పడ్డాక, దమ్‌లో ఉన్నంత సేపు, తడి వల్ల వేడి నూరు డిగ్రీలు దాటదు కాబట్టి రంగు ఇక ముదరదు. మీరు పళ్ళెంలో చూసిన రంగే చివరి రంగు. అయితే గిన్నె అడుగున తడి ముందుగా ఇంకిపోయే అవకాశం ఉంది కనుక, నలపని ముక్కలను అడుగున వేయకుండా పై పొరలకే ఉంచండి.

ముందు రోజే వేయించుకోవాలనుకుంటే ముక్కలు పూర్తిగా చల్లారాకే గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. కొంచెం వెచ్చగా ఉండగా మూత పెడితే మూత లోపల చెమ్మ పట్టి అన్నీ మెత్తబడతాయి. ఉల్లిపాయలోని చక్కెరలు గాలిలోని తేమను లాగుతాయి, విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో మూత తెరిచి ఉంచితే గంటలోనే కరకర పోతుంది. అలా మెత్తబడినవి అన్నం మీద చల్లడానికి పనికొస్తాయి. నలిపి పెరుగులో కలపాలంటే మాత్రం ఖాళీ బాణలిలో చాలా సన్నని సెగ మీద, ఒక నిమిషం కదుపుతూ తడి పోగొట్టుకోవాలి, రంగు మీద కన్ను ఉంచాలి. వేయించగా మిగిలిన నూనెను పలుచని గుడ్డలో వడకట్టి, ఐదారు చెంచాలు మాంసానికి పట్టించే మసాలాలో కలపండి, రెండు చెంచాలు దమ్ పెట్టే ముందు అన్నం మీద చిలకరించండి. మిగతాది సీసాలో పోసి ఉంచి, వారం పది రోజులలో ఇతర కూరల తాలింపుకు వాడుకోవచ్చు.